మంగళవారం, గురువారం

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ భూతద్దం అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆవిడా పలికేది. మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది చూశారా, ఎవరూ చదవకుండా సొరుగులో పడేసేది? ఆ పుస్తకాలు తయారు చేసే ఆఫీసు అది. రాసేవాళ్ళు వేరు, బొమ్మలు గీసేవాళ్ళు వేరు. అంతా అయ్యాక అక్షరం అక్షరం చదివి తప్పులు పట్టడం భూతద్దం పని. పదకొండేళ్ళుగా లోకంలో ఎవరూ చదవని పుస్తకాల్ని ఆవిడ ఒక్కత్తే పూర్తిగా చదువుతూ వచ్చింది.

ఆవిడ పక్క సీటులో అక్క కూచునేది. సొంత అక్క కాదు, వయసులో పెద్దది కాబట్టి అక్క. భూతద్దం చూసి పంపిన పేజీల్ని రెండోసారి చూడడం అక్క పని. ఇద్దరికీ పైన మేనేజరు. ఆయన్ని తొమ్మిదిన్నర గారు అనేవారు, ఇది మాత్రం చాటుగానే. సరిగ్గా తొమ్మిదిన్నరకి తలుపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, సీట్లన్నీ ఒకసారి కళ్ళతో లెక్కపెట్టుకుని, అప్పుడు గానీ గదిలోకి వెళ్ళేవారు కాదు. మనిషి చెడ్డవారు కాదు. కాకపోతే సీట్లో మనిషి కనిపిస్తే పని జరుగుతున్నట్టేనని ఆయన గట్టి నమ్మకం.

ఇక ఇంటి సంగతి. ఆవిడ తండ్రి ముప్ఫై నాలుగేళ్ళు బస్సు కండక్టరు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తొందరగానే దారికొచ్చాయి, మాట మాత్రం రాలేదు. అన్ని మాటలూ పోయి ఒక్కటే మిగిలింది: "రైట్". మంచినీళ్ళు కావాలా నాన్నా? రైట్. వద్దా? రైట్. ఫ్యాను వెయ్యనా? రైట్. తియ్యనా? రైట్. మొదట్లో ఇంట్లోవాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత ఆయన నవ్వడం మానేశాడు, వీళ్ళకీ నవ్వు రావడం ఆగిపోయింది. కావాలో వద్దో కూడా చెప్పుకోలేని మనిషి అన్నిటికీ రైట్ అంటుంటే, ఆవిడ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి ఆయన చెయ్యి ఎటు కదులుతుందో చూసేది.

మాట నేర్పే థెరపిస్టు మంగళవారం, గురువారం సాయంత్రం ఆరింటికి వచ్చేది. ఆ వేళ తప్ప ఆమెకి ఖాళీ లేదు. ఆవిడ ఆఫీసు వదిలేది అయిదున్నరకి. రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి ఏడుంబావు. భర్తకి ఆసుపత్రి ల్యాబులో మధ్యాహ్నం డ్యూటీ, ఒంటిగంటకే వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నాన్న దగ్గర ఆయా ఉంటుంది. పాపం ఆయా బుద్ధిగా కూచుని థెరపిస్టు చెప్పినదానికల్లా తల ఊపేది.

ఒకరోజు థెరపిస్టు ఫోన్ చేసి నిర్మొహమాటంగా చెప్పేసింది. "వారానికి రెండు గంటలు నేను చేసేది కాదండీ పని. మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్ళు చేయించాలి. అది మీరు పక్కన కూచుని నేర్చుకోవాలి. ఇంటి మనిషి లేకపోతే నేను వచ్చి లాభం లేదు. ఈ టైము కోసం ఇంకా నలుగురు ఎదురు చూస్తున్నారు. నెలాఖరు దాకా ఆగుతాను."

భర్త ల్యాబులో వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఒక నెలపాటు ఆ రెండు రోజులూ డ్యూటీ మార్చుకున్నాడు. "నెలే ఇచ్చారోయ్. ఆ తర్వాత నువ్వు చూసుకోవాలి," అన్నాడు.

చూసుకోవాలంటే తొమ్మిదిన్నర గారిని అడగాలి. ఆవిడ నడవాలో ఆయన టీ కప్పుతో ఎదురైనప్పుడు పట్టుకుని, "సార్, అప్పుడప్పుడూ ఇంటినుంచి పని చేసుకోవచ్చా?" అని అడిగేసింది. ఆయన కప్పులోకి చూస్తూ "చూద్దాం" అన్నారు. ఆ ఆఫీసులో చూద్దాం అంటే ఏమిటో కొత్తగా చేరినవాళ్ళకి కూడా తెలుసు.

"నడవాలో అడుగుతారా ఎవరైనా?" అంది అక్క. "పైగా అప్పుడప్పుడూ అన్నావు. అప్పుడప్పుడంటే ఆయనకి గుండె ఆగినంత పని. ఆయనకి అంకెలు కావాలి, తేదీలు కావాలి. కాగితం పెట్టు."

ఆ ఆదివారం ఆవిడ కాగితం రాసింది. నాలుగు పేజీలొచ్చింది. అందులో నాన్న ఉన్నాడు, ఆయన బస్సు ఉంది, రెండు బస్సులు మారే తన బతుకుంది, చివర్లో దయచేసి అనే మాట మూడుసార్లు ఉంది. సోమవారం అక్క చదివి ముక్కు తుడుచుకుంది. తుడుచుకుని, "బాగుంది. చింపెయ్," అంది.

"అదేంటక్కా?"

"ఇది చదివితే ఆయన జాలిపడతారు. జాలిపడి రెండు రోజులు సెలవిస్తారు. నీకు కావాల్సింది సెలవా?"

ఆవిడ చింపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వేరేవాళ్ళ కాగితంలా చూసింది, ఎర్ర పెన్ను పట్టుకుని. పని రికార్డు తీసి గడిచిన ఎనిమిది వారాలూ లెక్క కట్టింది. వారానికి సగటున రెండు వందల పది పేజీలు చూసింది. తను చూసి పంపాక కూడా మిగిలిపోయి, అక్కకో ప్రెస్సుకో దొరికిన తప్పులు మొత్తం నాలుగు. రాసేవాళ్ళ సందేహాలకి పదింటిలో తొమ్మిదింటికి గంటలోపు జవాబిచ్చింది. గడువు దాటిన పుస్తకం ఒక్కటీ లేదు.

ఆ పైన అడగాల్సింది సూటిగా రాసింది. ఎనిమిది వారాల పాటు, మంగళ గురువారాలు మాత్రం, ఇంటినుంచి పని. వేళలు ఆఫీసువే. కాగితాలు ఇంటికి తీసుకెళ్ళడం ఉండదు, ఆఫీసు ల్యాప్‌టాప్ మీదే. ఆ నాలుగు అంకెలూ ఇప్పుడున్నదానికంటే తగ్గకూడదు. మిగిలిపోయే తప్పులు ఎనిమిది వారాల్లో నాలుగు దాటకూడదు, దాటితే మారు మాట్లాడకుండా అయిదు రోజులూ ఆఫీసుకి వస్తాను. ఎనిమిదో వారం శుక్రవారం పదకొండింటికి కూచుని ఫలితం చూద్దాం. అంతా కలిపి ఒక్క పేజీ. దయచేసి అనే మాట ఒక్కసారే వచ్చింది, అదీ మర్యాదకి.

ఈసారి నడవా కాదు, ముందే టైము అడిగి గదిలోకి వెళ్ళింది. తొమ్మిదిన్నర గారు పేజీని రెండుసార్లు చదివారు.

"ఇక్కడైతే కళ్ళెదురుగా ఉంటారు కదమ్మా."

"ఉంటాను సార్. కానీ నేను ఎన్ని పేజీలు చూశానో నన్ను చూస్తే తెలీదు కదా. రికార్డు చూస్తేనే తెలుస్తుంది. ఆ రికార్డు ఎక్కడున్నా అదే."

ఆయన గొంతు సవరించుకున్నారు. "మరి నమూనా బల్ల?"

ఇది ఆ ఆఫీసు పద్ధతి. పుస్తకంలో ఉన్న ప్రతి మెట్టునీ అసలు మెషీన్ మీద చేసి చూడనిదే పుస్తకం బయటికి పోదు. అందుకోసం హాలు చివర ఒక పెద్ద బల్ల, దాని మీద కంపెనీలు పంపిన మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, హీటర్లు. ఆ మెషీన్లు గడప దాటవు.

"బల్ల పని సోమ, బుధ, శుక్రవారాల్లోనే పెట్టుకుంటాను సార్. ఇంట్లో చదవడమొక్కటే."

"మంగళ, గురువారాలే ఎందుకు?"

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి నిజం చెప్పింది. నాన్న సంగతి, ఆరు గంటల సంగతి, నాలుగే నాలుగు వాక్యాల్లో. ఆయన పెన్ను కింద పెట్టారు.

"అయితే పనివేళల్లో ఆయన్ని మీరే చూసుకోవాలిగా?"

"లేదు సార్. ఒంటిగంట దాకా మావారు, ఆ తర్వాత రాత్రి దాకా ఆయా. నేను ఇంట్లో ఉన్నా ఆయా మానదు. అయిదున్నర దాకా నేను ఆఫీసులో ఉన్నట్టే. నాకు మిగిలేదల్లా బస్సు టైమే."

ఆయన పేజీని మూడోసారి చదివారు. తర్వాత పేజీ చివర తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: పొద్దున్న తొమ్మిదిన్నరకి పని మొదలైందని మెసేజ్ పెట్టవలెను. ఆవిడకి లోపల నవ్వొచ్చింది గానీ బిగపట్టుకుంది. పై ఆఫీసు ఒప్పుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది. భర్త తెచ్చుకున్న నెలలో ఇంకా మూడు రోజులు ఉండగా సంతకాలయ్యాయి.

మొదటి మంగళవారం ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మెళ్ళో ఆఫీసు కార్డు వేసుకుని, పడగ్గదిలో తలుపేసుకుని కూచుంది. "ఎవరు చూస్తారని ఆ కార్డు?" అన్నాడు భర్త. "నేను చూసుకుంటాను," అంది. తొమ్మిదిన్నరకి మెసేజ్ పెట్టింది. తొమ్మిదీ ముప్ఫై అయిదుకి ఫోన్ మోగింది. తొమ్మిదిన్నర గారు. "ఏం లేదమ్మా, ఊరికే." గురువారం కూడా ఊరికే. మూడో వారానికి ఆ ఊరికేలు ఆగిపోయాయి, ఆవిడకే ఏదో వెలితిగా అనిపించింది.

నాలుగో వారం ఒక గురువారం నెట్ పోయింది. వెంటనే మేనేజరుకి ఫోన్ చేసి సంగతి చెప్పి, ఫోన్లోని నెట్ తగిలించి పని చేసుకుంది. నలభై నిమిషాలు పోయాయి, వాటినీ కాగితం మీద రాసి పెట్టింది. తప్పు ఎవరిదైనా తప్పే కదా ఆవిడకి.

ఆరింటికి నాన్న. థెరపిస్టు నేర్పిన కిటుకేమిటంటే, ఇంటి మనిషి ఒక మాట చదవాలి, ఆయన అది చేసి చూపించాలి. మాటా పనీ జతగా నడిస్తే దారి పడుతుందిట. కథల పుస్తకంతో కుదరలేదు. అప్పుడు ఆవిడకి తట్టింది: మూత తియ్యండి, నీళ్ళు పొయ్యండి, స్విచ్ వెయ్యండి, ఇలా అంతా చేసే మాటలతోనే ఉండే పుస్తకాలు తన దగ్గర లేకేం? మేనేజరుని అడిగి అచ్చయిన పుస్తకాల మిగులు ప్రతులు తెచ్చుకుంది. లోకంలో ఆ పుస్తకాలకి రెండో పాఠకుడు దొరికాడు. ఆవిడ చదివేది, ఆయన చేసేవాడు. ఏది చదివినా చివర "రైట్" అనేవాడు.

పేజీలు వారానికి రెండు వందల పది నుంచి రెండు వందల ఇరవై మూడు అయ్యాయి. జవాబులు వేళకి వెళ్ళాయి. గడువు ఒక్కటీ దాటలేదు. మిగిలిపోయిన తప్పులు మాత్రం ఏడో వారానికి సరిగ్గా నాలుగయ్యాయి. నాలుగోది పట్టుకున్నరోజు అక్క మొహం చిన్నబుచ్చుకుంది. "చూడనట్టు ఊరుకుందామా అనిపించిందే," అంది. "ఊరుకుని ఉంటే నీతో మాట్లాడేదాన్ని కాదు," అంది భూతద్దం. ఇంకొక్కటి దొరికితే అయిదు. ఎనిమిదో వారమంతా ఆవిడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చదివింది.

ఎనిమిదో వారం గురువారం సాయంత్రం థెరపిస్టు వచ్చింది. మర్నాడే పదకొండింటి మీటింగు. ఆవేళ చేతికి దొరికింది కొత్త మిక్సీ పుస్తకం. ప్రెస్సు ముందుగా పంపిన పది ప్రతుల్లో ఒకటి, మిగులు ప్రతులతో పాటు ఇంటికొచ్చింది. మిగతా వేలన్నీ శుక్రవారం పొద్దున్న అచ్చవుతాయి. వంటింట్లోంచి సొంత మిక్సీ తెచ్చి నాన్న ముందు పెట్టారు. జారూ మూతా విడివిడిగా బల్ల మీద ఉన్నాయి.

"పండ్ల ముక్కలు జారులో వెయ్యండి," చదివింది ఆవిడ. ఆయన వేశాడు. రైట్.

"జారును మెషీన్ మీద పెట్టి, టక్ మని చప్పుడయ్యేదాకా కుడివైపు తిప్పండి." తిప్పాడు. రైట్.

"స్విచ్ ఒకటి మీదికి తిప్పండి."

ఆయన చెయ్యి స్విచ్ దాకా వెళ్ళి ఆగింది. జారు వైపు చూశాడు. బల్ల మీద ఉన్న మూత వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ చదివింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మొహం ఎర్రబడింది, పెదాలు కదిలాయి. థెరపిస్టు వేలెత్తి ఆవిణ్ణి ఆపింది, మాటలు అందించొద్దని.

"మూ..." అన్నాడాయన. "మూత." ఊపిరి తీసుకున్నాడు. "మూత పెట్టలేదు."

పది నెలల తర్వాత రైట్ కాని మాట, అదీ పూర్తి వాక్యం. ఆయా దణ్ణం పెట్టేసింది. థెరపిస్టు చప్పట్లు కొట్టింది. ఆవిడ తండ్రిని వాటేసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన భుజం మీదుగా పుస్తకంలోకి చూసింది. ముక్కలు వెయ్యడం ఉంది. జారు బిగించడం ఉంది. స్విచ్ ఉంది. తర్వాత మూత తియ్యడం కూడా ఉంది. మూత పెట్టడం ఎక్కడా లేదు.

ఈ పుస్తకం చూసింది తనే. బల్ల మీద మిక్సీ పెట్టుకుని ప్రతి మెట్టూ చేసి మరీ చూసింది. పదకొండేళ్ళలో ఎన్ని మిక్సీలు చూసిందో, చెయ్యి తనంతట తనే మూత తీసి పెట్టేసి ఉంటుంది, కాగితం చెప్పిందో లేదో పట్టించుకోకుండా. నాన్న చెయ్యి మాత్రం చదివినదే చేసింది.

అది అయిదో తప్పు. థెరపిస్టు వెళ్ళాక ఆవిడ బల్ల మీది పండ్ల ముక్కలు తీస్తూ కాసేపు ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధమే. ప్రెస్సుకి ఒక్క ఫోన్ కొట్టి, చిన్న మార్పు ఉంది అంటే చాలు. పుస్తకం సరిపోతుంది, లెక్కలో నాలుగు నాలుగ్గానే ఉంటుంది, మంగళ గురువారాలు మిగులుతాయి. లోపలి గదిలోంచి నాన్న తనలో తాను అనుకుంటున్నాడు, "మూత... మూత పెట్టలేదు... మూత." కొత్తగా దొరికిన వస్తువుని తిప్పి తిప్పి చూసుకుంటున్నట్టు. ఆ మాట అంత కష్టపడి తెచ్చినవాడి ముందు దాన్ని దాచెయ్యడానికి ఆవిడకి మనసు రాలేదు. ఏడుంబావుకి మేనేజరుకి ఫోన్ చేసింది.

"సార్, మిక్సీ పుస్తకం ఆపించాలి. మూత పెట్టమని లేదు. అలాగే స్విచ్ వేస్తే వంటిల్లంతా చిమ్ముతుంది."

"అయ్యో. ఇప్పుడే ఆపిస్తాను." అన్నారాయన. "అంటే అయిదమ్మా."

"అవును సార్. అయిదు."

శుక్రవారం పదకొండింటికి ఆవిడ అంకెల కాగితం ఆయన ముందు పెట్టి, అడక్కముందే చెప్పేసింది. "నాలుగు దాటింది సార్. నేను రాసిన మాటే. సోమవారం నుంచి రోజూ వస్తాను." థెరపిస్టుకి ఏం చెప్పాలో రాత్రంతా అనుకుంటూనే ఉంది, ఒక్క వాక్యమూ కుదరలేదు.

తొమ్మిదిన్నర గారు కాగితం చదివి, అడ్డంగా తిప్పి చూసి, మళ్ళీ చదివారు.

"మిక్సీ బల్ల మీద ఏ రోజు చూశారు?"

"పోయిన వారం, బుధవారం."

"బుధవారం అంటే ఇక్కడే. నా కళ్ళెదురుగానే." ఆయన పని రికార్డు తెప్పించారు. "మిగతా నాలుగు?"

ఒక్కొక్కటే వెతికారు. సోమవారం. శుక్రవారం. గురువారం. మళ్ళీ సోమవారం. అయిదింటిలో ఇంట్లో జరిగింది ఒక్కటి. చూసిన పేజీల్లో సగం పైన మంగళ గురువారాలవే.

"మీ కాగితంలో ఒక గడి లేదమ్మా," అన్నారాయన. ఆ అనడంలో ఎంత తృప్తి ఉందో! పదకొండేళ్ళలో భూతద్దం పనిలో తప్పు పట్టడం ఆయనకిదే మొదలు. "ఏ తప్పు ఎక్కడ జరిగిందో రాసే గడి. అన్నీ ఒకే కుప్పగా పోశారు. ఇక దీన్ని బట్టి ఇల్లు మంచిదా ఆఫీసు మంచిదా ఎలా తేలుతుంది?"

ఆవిడ కాగితం తనవైపు తిప్పుకుని చూసింది. అందరి కాగితాలూ తను చూస్తుంది, తన కాగితం చూసేవాళ్ళు లేకపోయారు.

"అలాగని పాసయినట్టు కాదు," అన్నారాయన వేలెత్తి. "అయిదంటే అయిదే. మాట మాటే. పైగా ఒకటీ నాలుగూ అనేవి చిన్న అంకెలు, వాటిని పట్టుకుని గంతులెయ్యకూడదు. మొదటి పరీక్ష హద్దు దాటిందని రాయండి. దాని కింద రెండో పరీక్ష రాయండి. ఇంకో ఎనిమిది వారాలు, అవే రెండు రోజులు, ఇంటి లెక్క వేరు, ఆఫీసు లెక్క వేరు. ఎనిమిదో వారం శుక్రవారం పదకొండు. ఇంకోటి. ఇకమీదట బల్ల దగ్గర ఒకరు చదవాలి, మెషీన్ ఎప్పుడూ ముట్టని ఇంకొకరు చెయ్యాలి."

"రాస్తాను సార్," అంది. కళ్ళు మసకేసి కాగితం కనపడలేదు.

"ఆ తొమ్మిదిన్నర మెసేజ్ తీసెయ్యండి. నేనెలాగూ చూడడం లేదు." ఆయన పెన్ను మూత పెడుతూ అడిగారు, "ఇంతకీ ఆ తప్పు పట్టిందెవరు? అక్కేనా?"

"కాదు సార్. మా నాన్న."

"మాట వచ్చిందా అయితే," అన్నారు మెల్లగా.

శుక్రవారం కాబట్టి ఇల్లు చేరేసరికి ఏడుంబావు అయింది. నాన్న కిటికీ దగ్గర కూచుని ఉన్నాడు. ఆవిడ సంచి కూడా దించకుండా ఎదురుగా కూచుని కొత్త కాగితం తీసింది. ఈసారి ఇంకొకళ్ళ చేత చూపించనిదే సంతకానికి ఇవ్వకూడదని బస్సులోనే నిశ్చయించుకుంది.

"ఎనిమిది వారాలు," చదివింది.

"రైట్," అన్నాడు.

"ఇంటి లెక్క వేరు, ఆఫీసు లెక్క వేరు."

"రైట్."

ఆవిడకి అనుమానం వచ్చింది. ఇవి నిజం రైట్లా, పాత రైట్లా? కాగితం మీద ఒకటుంటే ఇంకొకటి చదివింది.

"ఇంటినుంచి పని, మంగళవారం, శుక్రవారం."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యెత్తి బస్సు ఆపినట్టు ఆపాడు.

"కాదు," అన్నాడు. పెదాలు కూడదీసుకున్నాడు. "గురు... గురువారం."

"గురువారమే నాన్నా," అని ఆవిడ కాగితం ఆయన చేతిలో పెట్టింది.